బౌల్‌లోనే సెట్ చేసిన పన్నా కోటా: విజయనగరంలో ఒక చిన్న హోటల్ డెజర్ట్ సెక్షన్ కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరంలో 32 గదుల హోటల్. కింద 56 సీట్ల రెస్టారెంట్, పైన చిన్న ఫంక్షన్ హాలు. కిచెన్‌లో టిఫిన్లు, బిర్యానీ, తందూరీ, చైనీస్ అన్నీ నడుస్తాయి. తీపి అంటే గులాబ్ జామ్, రెండు రకాల ఐస్‌క్రీమ్. ఓనర్ ప్లేటెడ్ డెజర్ట్ ఒకటైనా ఉండాలనుకుని, నగరంలో పేస్ట్రీ పని చేసిన ఒక కుక్‌ని రెండు నెలలకు పెట్టుకున్నారు. ఆయన అనాస పన్నా కోటాను, అంటే పాలు, క్రీమ్ కలిపి జెలటిన్‌తో గట్టిపరిచిన చల్లటి తీపిని, మెనూలో పెట్టాడు. అచ్చులోంచి ప్లేటులోకి తిప్పిన పన్నా కోటా, పైన పచ్చి అనాస ముక్కలు, పక్కన విప్ చేసిన క్రీమ్, దాని మీద నిలబెట్టిన కారమెల్ రేకు. రెసిపీ కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సెక్షన్ అంతా ఒక హెల్పర్ కుర్రాడి చేతికి వచ్చింది. వాడికి స్వీట్ పనిలో ఏడాది అనుభవం ఉంది. పాకం చూడటం బాగా వచ్చు, ఓవెన్ పెద్దగా తెలియదు.

డెజర్ట్ కోసం విడిగా గది లేదు. ఒక మూల నాలుగడుగుల బల్ల, చిన్న ఓవెన్, గాజు తలుపు ఫ్రిజ్‌లో ఒక అర. అదే ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి, తరిగిన ఉల్లిపాయలు, కూల్‌డ్రింకులు. బల్లకు మూడడుగుల దూరంలో తందూర్. ఈ కేసులో జరిగిన తప్పుల్లో సగం రెసిపీలో కాకుండా ఈ అమరికలోనే ఉన్నాయి. అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

సమస్య

ఏప్రిల్ చివరికి ఫిర్యాదులు మూడు రకాలుగా వచ్చాయి. పన్నా కోటా టేబుల్ చేరేసరికి అడుగు కరిగి ప్లేటులో జారుతోంది, కొన్నిసార్లు పైభాగం కూడా పలచబడి కాస్త చేదుగా ఉంటోంది. కారమెల్ రేకు కరకరలాడటం లేదు, పంటికి అంటుకుంటోంది. ఆర్డర్ ఇచ్చాక పది నిమిషాలు దాటితే గానీ ప్లేటు బయటికి రావడం లేదు. వీటన్నిటి పైన, చేసిన వాటిలో మూడో వంతు రాత్రికి పారబోయాల్సి వస్తోంది.

హెడ్ కుక్ మొదట కుర్రాణ్ణి కోప్పడ్డాడు. వాడి జవాబు మాత్రం సమస్య ఎక్కడుందో సరిగ్గా చూపించింది: "పొద్దున గట్టిగానే ఉంది మాస్టారూ. అనాస ఏసినాకే నీరైపోతంది." ఆ మాటను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మొదట చేసినవి, ఎందుకు పనిచేయలేదు

మొదటి మందు జెలటిన్ పెంచడం. లీటరుకు 8 గ్రాములున్నది 14 చేశారు. పన్నా కోటా రబ్బరులా తయారైంది. పైన అనాస తగిలిన చోట మాత్రం ఎప్పటిలాగే కరిగింది. దాదాపు రెట్టింపు చేసినా అదే చోట అదే తప్పు వస్తోందంటే కారణం కొలతలో లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. కానీ సీజన్ వేడిలో ఉన్నందున తోచిన మరో మార్గం పట్టారు: ఫ్రిజ్‌ను ఇంకా చల్లగా తిప్పారు. తలుపు దగ్గరి కూల్‌డ్రింకులు చల్లబడ్డాయి, వెనక గోడకు ఆనిన రెండు కప్పులు గడ్డకట్టి కరిగాక విరిగిన పెరుగులా అయ్యాయి, మధ్యలోవి ఎప్పటిలాగే ఉన్నాయి.

తర్వాత ఒక చిన్న పరీక్ష చేశారు. దానికి ఖర్చు మూడు కప్పుల మిశ్రమం మాత్రమే. ఒకే వాయి మిశ్రమాన్ని మూడు కప్పుల్లో పోశారు. ఒకటి ఉత్తది. రెండోదాంట్లో చెంచాడు పచ్చి అనాస రసం. మూడోదాంట్లో అదే రసాన్ని బాగా మరిగించి చల్లార్చి చెంచాడు. మూడింటినీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారు. తెల్లారి మొదటిదీ మూడోదీ గట్టిగా ఉన్నాయి. రెండోది పాలలాగే ఉంది, నోట్లో వేసుకుంటే చేదు.

కారణం అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్. అది ప్రొటీన్‌ను తెంపుతుంది. జెలటిన్ మొత్తం ప్రొటీనే కాబట్టి ఎంత వేసినా తెగిపోతుంది. పాల ప్రొటీన్ తెగినప్పుడు చేదు వస్తుంది. అనాసను ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. బొప్పాయి, కివీ, అంజీర పచ్చివి కూడా ఇదే పని చేస్తాయి. మామిడితో ఈ బాధ దాదాపు ఉండదు.

దీంతో పైభాగం సంగతి తేలింది. అడుగు కరగడానికి కారణం వేరు. కడిగిన ప్లేట్లను తందూర్ పక్క స్టాండులో పేరుస్తున్నారు. ప్రోబ్ థర్మామీటర్‌ను ప్లేటుకు ఆనించి చూస్తే 41 డిగ్రీలు. జెలటిన్ సుమారు 30 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, 35కి వచ్చేసరికి కరుగుతుంది. మే నెలలో విజయనగరం కిచెన్‌లో బల్ల మీద గాలే 36, 37 ఉంటుంది. అచ్చును వేడినీళ్లలో ముంచి వేడి ప్లేటులోకి తిప్పితే అది నిలబడదు.

ఫ్రిజ్ లెక్క కూడా అప్పుడే చూశారు. లోపల గ్లాసు నీళ్లు పెట్టి వాటిలో థర్మామీటర్ ఉంచారు. గాలి ఉష్ణోగ్రత తలుపు తెరిచిన ప్రతిసారీ మారుతుంది. నీళ్లు లోపలి వస్తువులతో పాటు నెమ్మదిగా మారతాయి, కాబట్టి నమ్మదగ్గ లెక్క అదే. మధ్యాహ్నం మూడింటికి 6 డిగ్రీలు, రాత్రి తొమ్మిదింటికి 12. పాలతో చేసినది 5 డిగ్రీల లోపు ఉండాలి. కూల్‌డ్రింకుల కోసం గంటకు ఇరవై సార్లు తెరిచే ఫ్రిజ్‌లో డెజర్ట్ దాచడం ఎవరి రెసిపీతోనూ కుదరదు.

జెలటిన్ వదిలేయాలన్న నిర్ణయం

జెలటిన్ జంతు పదార్థం. మెనూలో ఈ ప్లేటు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది. అది తప్పు, సరిదిద్దక తప్పదు. వేడి సంగతి ఎలాగూ ఉంది. ఈ రెండు కారణాలతో అగార్‌కు, అంటే చైనా గ్రాస్‌కు మారారు. అగార్ సముద్రపు నాచు నుంచి వచ్చేది, పూర్తిగా శాకాహారం. సుమారు 35 నుంచి 40 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా కరగదు. వేడి ప్లేటుకు భయపడాల్సిన పని లేదు.

దాని దుర్గుణాలు కూడా చెప్పుకోవాలి. అగార్ జెలటిన్‌లా నోట్లో కరగదు. ఎక్కువైతే పెళుసుగా విరుగుతుంది, గంటలు గడిచేకొద్దీ నీరు వదులుతుంది. ఇవి రెండూ మొదటి వారంలోనే ఎదురయ్యాయి. బజారు నుంచి తెచ్చిన చైనా గ్రాస్ తీగల్ని చేత్తో అంచనా వేసి వేశారు. తీగలు సరిగా కరగక పీచు మిగిలింది, కరిగిన మేరకు ఎక్కువైంది. మర్నాటికి ప్రతి బౌల్‌లో అంచు చుట్టూ సన్నటి నీటి గీత కనిపించింది. ఇక తీగలు మానేసి పౌడర్ తెచ్చుకున్నారు. గ్రాములో పదో వంతు దాకా చూపే చిన్న తూకం కొన్నారు. కొత్తగా కొన్న వాటిలో ఎక్కువ ఉపయోగపడింది ఆ తూకమే.

రెండో పొరపాటు చల్లటి క్రీమ్. పాలలో అగార్ మరిగించి, దించి, ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ పోశారు. క్రీమ్ తగిలిన చోటల్లా అగార్ అక్కడికక్కడే గడ్డకట్టి చిన్న ఉండలు తేలాయి. క్రీమ్‌ను విడిగా 50 డిగ్రీలకు వేడి చేసి పోస్తే సరిపోతుంది. కానీ రద్దీ వేళ ఒక్కడే పని చేసే చోట రెండు గిన్నెలు, రెండు ఉష్ణోగ్రతలు పెట్టడం ఇంకో తప్పుకు తలుపు తీసిపెట్టడమే. అందుకని పాలు, క్రీమ్ మొదటి నుంచీ ఒకే గిన్నెలో పెట్టారు. చల్లారడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అడుగు అంటకుండా చూసుకోవాలి. వాటిని తట్టుకోవచ్చు.

స్థిరపడిన వాయి ఇది. వెన్న తీయని పాలు 700 మి.లీ., ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ 300 మి.లీ., పంచదార 90 గ్రాములు, అగార్ పౌడర్ రెండున్నర గ్రాములు, మొక్కజొన్న పిండి 12 గ్రాములు, చిటికెడు ఉప్పు. 90 మి.లీ. చొప్పున పోస్తే 10 లేదా 11 బౌల్స్ వస్తాయి. మొక్కజొన్న పిండి రెండు పనులకు. అది నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి అంచున నీరు ఊరడం బాగా తగ్గుతుంది. అగార్ పెళుసుదనాన్ని కప్పి కొంచెం క్రీమ్‌లా ఉండే మెత్తదనం ఇస్తుంది. అగార్ ఒక కంపెనీదానికీ ఇంకో కంపెనీదానికీ బలం తేడా ఉంటుంది. ప్యాకెట్ మారినప్పుడు ముందు పావు వాయి చేసి చూడాలి.

చేసే పద్ధతిలో ఒక్క మెలిక ఉంది. అగార్, మొక్కజొన్న పిండి, పంచదార పొడిగానే బాగా కలిపి, ఆ తర్వాత చల్లటి పాలలో పోసి విస్క్‌తో కలపాలి. అగార్ నేరుగా పాలలో పడితే ఉండ కడుతుంది, పంచదార రేణువులు దాన్ని విడదీసి ఉంచుతాయి. క్రీమ్ కలిపి మందపాటి గిన్నెలో మధ్య మంట మీద, అడుగు గీరుతూ మరిగించాలి. బుడగలు వచ్చాక మంట తగ్గించి పూర్తిగా రెండు నిమిషాలు మరగనివ్వాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాలు పొంగగానే దించేస్తే అగార్ సగమే కరుగుతుంది, మర్నాడు "అగార్ తక్కువైంది" అని ఇంకో గ్రాము వేస్తారు. వడకట్టి, 60 డిగ్రీల దగ్గర బౌల్స్‌లో పోయాలి. 45 దాకా ఆగితే గిన్నెలోనే పేరుకోవడం మొదలవుతుంది.

వేసవిలో ఇంకో సంగతి బయటపడింది. బౌల్స్ బల్ల మీద గంట ఉన్నా గట్టిపడలేదని కుర్రాడు కంగారుపడ్డాడు. గది వేడి 37 డిగ్రీలు, అగార్ గట్టిపడేది అటూ ఇటూగా అక్కడే. అది రెసిపీ తప్పు కాదు. వెడల్పు ట్రేలో ఐస్ నీళ్లు పోసి బౌల్స్‌ను వాటిలో పావుగంట నిలబెడితే సెట్ అయిపోతుంది. దీనివల్ల రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి పోతాయి, పాల వస్తువు గోరువెచ్చగా ఊరికే కూర్చోదు.

మూత విషయంలో జాగ్రత్త. వేడి మీద మూత పెడితే ఆవిరి చుక్కలై పైన పడుతుంది. దాన్నీ నీరు ఊరడమే అనుకుంటారు. రెండిటినీ ఇలా వేరు చేయొచ్చు: అగార్ వదిలిన నీరు అంచు వెంట గీతలా ఉంటుంది, మూత నుంచి పడింది మధ్యలో విడివిడి మడుగులుగా ఉంటుంది. మొదటిదానికి అగార్ తగ్గించాలి. రెండోదానికి చల్లారాక మూత పెడితే చాలు.

ప్లేటు మానేసి బౌల్

అచ్చులోంచి తిప్పడం అన్న మెట్టునే తీసేశారు. మిశ్రమాన్ని వడ్డించే బౌల్‌లోనే, వెడల్పాటి లోతు తక్కువ సిరామిక్ బౌల్‌లో సెట్ చేస్తారు. దీంతో అచ్చు ముంచడం, విరగడం పోయాయి. బౌల్ ఫ్రిజ్‌లోంచే వస్తుంది కాబట్టి వేడి ప్లేటు సమస్యా పోయింది. తిప్పాల్సిన అవసరం లేదు కాబట్టి అగార్ ఇంత తక్కువ వేయగలిగారు. అచ్చులోంచి నిలబడాలంటే దాదాపు రెట్టింపు కావాలి, అప్పుడు మళ్లీ పెళుసు, మళ్లీ నీరు.

ఓనర్‌కి ఇది మొదట నచ్చలేదు. ప్లేటులో నిలబడితేనే రెస్టారెంట్ డెజర్ట్‌లా ఉంటుందని ఆయన వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కాకపోతే జారిపోయిన పన్నా కోటా కన్నా బౌల్‌లో చక్కగా కూర్చున్నది అందంగా ఉంటుంది. నష్టం చోటు విషయంలో వచ్చింది. బౌల్స్ అచ్చుల కన్నా ఎక్కువ చోటు తీసుకుంటాయి, ట్రేకు ఆరే పడతాయి.

బెల్లం, అనాస, జీడిపప్పు

హెడ్ కుక్‌కి తాటిబెల్లం రుచి పన్నా కోటాలోనే రావాలని కోరిక. మరిగే పాలలో వేస్తే విరిగిపోయాయి. పాయసానికి పొయ్యి కట్టేసి, చల్లారాక బెల్లం కలపాలని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ దారి కూడా మూసుకుపోయింది. పాలు విరగకుండా ఉండేంత చల్లారే సమయానికి అగార్ గట్టిపడే వేళ దగ్గర పడుతుంది. మధ్యలో దొరికే కొద్ది నిమిషాల మీద రోజూ పందెం కట్టడం అనవసరం. అందుకని తాటిబెల్లాన్ని పాకంగా చేసి పైన పోశారు. రుచి ఇంకా బాగా తెలుస్తుంది, తెల్లటి దాని మీద ముదురు గోధుమరంగు కనిపిస్తుంది.

తాటిబెల్లం అరకిలోకు నీళ్లు 200 మి.లీ. కరిగించి తప్పకుండా వడకట్టాలి, అడుగున ఇసుక ఉంటుంది. మళ్లీ మరిగించి లేతపాకం దగ్గర, థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీల దగ్గర దించి, ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేయాలి. నిమ్మరసం పంచదార మళ్లీ రేణువులు కట్టకుండా ఆపుతుంది. చల్లని ప్లేటు మీద చుక్క వేసి వేలితో గీత గీస్తే, గీత నెమ్మదిగా పూడుకోవాలి. ఈ పనిలో కుర్రాడికి ఎవరూ నేర్పాల్సింది లేకపోయింది. సాస్ బాటిల్‌లో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే బిగుసుకుపోయి బౌల్ మీద పడదు. అందుకని వారానికి సరిపడా చేసి, సర్వీస్‌కి ముందు, ఆ రోజు వాడకానికి కావలసినంత బయట ఉంచుకుంటారు.

అనాస సీతంపేట వైపు నుంచి వస్తుంది. ఉడికించే వాడాలని తేలింది కాబట్టి అర సెంటీమీటరు కన్నా కొంచెం పెద్ద ముక్కలుగా తరిగి, అరకిలో ముక్కలకు పంచదార 75 గ్రాములు, ఒక చెంచా నిమ్మరసం వేసి పది నిమిషాలు ఉడికిస్తారు. ముక్క మధ్యలో తెల్లదనం పోయి అద్దంలా కనిపించాలి, అప్పుడే ఎంజైమ్ చచ్చినట్టు లెక్క. అగార్‌ను అనాస ఏమీ చేయదు కదా, పచ్చిదే వేయొచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. గట్టిదనానికి ఏమీ కాదు. పాల ప్రొటీన్ మాత్రం తెగుతుంది, చేదు మాత్రం వస్తుంది. ఈ కాంపోట్ ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది. వడ్డించే ముందు జల్లెడలో వేసి రసం దించాలి, లేకపోతే బౌల్ అంతా రసమవుతుంది. మే, జూన్‌లలో సువర్ణరేఖ మామిడి దొరికినన్నాళ్లూ అనాస మానేసి మామిడి ముక్కలు వాడారు. అవి ఏ పూటకా పూట తరగాల్సిందే.

కారమెల్ రేకు సంగతి సూటిగా చెప్పాలి. సముద్రానికి ఇంత దగ్గర, ఇంత తేమలో, ఏసీ లేని కిచెన్‌లో పంచదార రేకు నిలవదు. పంచదార గాలిలో తేమ పీలుస్తుంది, పది నిమిషాల్లో పైన జిగురు వస్తుంది. దాన్ని బాగుచేయడానికి చేసిన ప్రయత్నాలన్నీ వృథా. తీసేసి, దాని బదులు జీడిపప్పు క్రంబుల్ పెట్టారు. అది కూడా తేమకు మెత్తబడుతుంది, కానీ వెన్న ఎక్కువ ఉండటం వల్ల నెమ్మదిగా. పైగా మెత్తబడితే ఓవెన్‌లో తిరిగి కరకరలాడించవచ్చు. రేకును అలా చేయలేం.

మైదా 100 గ్రాములు, బరకగా పట్టిన జీడిపప్పు 100, పంచదార 80, చల్లని వెన్న 80, ఉప్పు 2 గ్రాములు. పలాస నుంచి వచ్చే ముక్క రకం జీడిపప్పు చాలు, గుండ్లు పాడు చేయక్కర్లేదు. వేళ్లతో నలిపి ట్రేలో పరిచి 160 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి, ముదురు బంగారు రంగు వచ్చేదాకా కాల్చాలి. లేత రంగులో తీస్తే లోపల తడి మిగిలి మర్నాటికే మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడిగా పోస్తే దాని ఆవిరే దాన్ని తడుపుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పెద్ద డబ్బా రోజుకోసారే తెరిచి, ఆ రాత్రికి కావలసింది చిన్న డబ్బాలోకి తీస్తారు. మిగిలింది మళ్లీ పెద్ద డబ్బాలో కలపరు. మెత్తబడ్డది 130 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెడితే, చల్లారాక మళ్లీ కరకరలాడుతుంది.

విప్ చేసిన క్రీమ్ గురించి రెండు మాటలు చాలు. ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. విప్ నిలబడాలంటే 30కి పైనే కావాలి. ఎంత కొట్టినా లేవదు. డెయిరీ కాని విప్పింగ్ క్రీమ్ నిలబడుతుంది గానీ నోట్లో పూతలా మిగిలిపోతుంది. ఈ ప్లేటుకు అది అవసరం లేదు, తీసేశారు.

సర్వీస్, నిల్వ

స్టోర్‌లో వాడకుండా పడి ఉన్న పాత చిన్న ఫ్రిజ్‌ను బాగుచేయించి డెజర్ట్‌కే కేటాయించారు. రోజుకు రెండు సార్లే తెరుస్తారు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఎప్పుడూ ఉంటుంది, పొద్దున, సాయంత్రం లెక్క గోడ మీద కాగితంలో రాస్తారు. రాత్రి ఏడింటికి ఆ పూటకు కావలసిన బౌల్స్‌ను చేపలు తెచ్చే రకం కొత్త థర్మోకోల్ పెట్టెలోకి మారుస్తారు. అడుగున, పక్కన ఫ్రీజర్‌లో గట్టిపడిన ఐస్ ప్యాక్‌లు. పెట్టెలోపల బౌల్స్ మూడు గంటలపాటు 5 డిగ్రీల లోపే ఉన్నాయి. నాలుగో గంటకు ప్యాక్‌లు మార్చాలి. పెట్టె ఉండటం వల్ల రద్దీలో ఫ్రిజ్ తలుపు తెరవాల్సిన పని లేదు.

ప్లేటింగ్ ఇప్పుడు ఇలా సాగుతుంది. బౌల్ తీసి, కొంచెం వంచి చూస్తాడు. పైభాగం వణకాలి, జారకూడదు. అంచున నీటి గీత ఉంటే అది పక్కకు. ఒక పక్కగా రసం దించిన అనాస ఒక చెంచా, ఎదురుగా పాకం ఒక గీత, మిగిలిన ఖాళీలో క్రంబుల్ ఒక చెంచా. క్రంబుల్ పండు మీద పడకూడదు. పన్నా కోటా మీద పావుగంట కరకరలాడుతుంది, తడి అనాస మీద ఐదు నిమిషాలకే తడుస్తుంది. క్రంబుల్ ఎప్పుడూ ఆఖరున, సర్వర్ ట్రే పట్టుకుని వచ్చి నిలబడ్డాకే. మొత్తం నిమిషంన్నర.

మామూలు రోజుల్లో 9 నుంచి 12 అమ్ముడవుతాయి కాబట్టి రోజూ ఒక వాయి, శనాదివారాల్లో రెండు. బౌల్ మూత మీద మాస్కింగ్ టేప్ అతికించి చేసిన రోజు, పారబోయాల్సిన రోజు రెండూ రాస్తారు. చేసిన రోజుతో కలిపి మూడో రాత్రికి మిగిలినది పోవాల్సిందే. "ఇంకా బాగానే ఉంది కదా" అన్న మాటకు తావులేకుండా రెండో తేదీ ముందే రాయడం ఈ కిచెన్‌లో బాగా పనిచేసింది. ఆరు వారాల తర్వాత పారబోత మూడో వంతు నుంచి పన్నెండులో ఒకటికి దిగింది.

ఒక్కసారి పెద్ద నష్టం జరిగింది. జూన్‌లో గాలివానకు కరెంటు పోయింది. జనరేటర్ లైట్లకూ కిచెన్ ఎగ్జాస్ట్‌కూ మాత్రమే, స్టోర్ ఫ్రిజ్ దాని మీద లేదు. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలదాకా చల్లదనం నిలుపుతుంది. కానీ కరెంటు ఎప్పుడు పోయిందో ఎవరూ రాయలేదు, తలుపు ఎన్నిసార్లు తెరిచారో తెలియదు. గ్లాసు నీళ్లు 10 డిగ్రీలు చూపించాయి. అది పది నిమిషాల నుంచీ 10 డిగ్రీలా, మూడు గంటల నుంచా అన్నది తెలియనప్పుడు ఒకటే దారి. 14 బౌల్స్ పారబోశారు. మర్నాడు ఆ ఫ్రిజ్ ప్లగ్‌ను జనరేటర్ లైనుకు మార్చారు, కరెంటు పోగానే సమయం రాయడం సెక్యూరిటీ గార్డు పనిగా పెట్టారు. రాత్రుళ్లు మెలకువగా ఉండేది ఆయనే.

వేరే కిచెన్‌కు మార్చేటప్పుడు

ఈ కొలతలు అక్కడి పాలకూ అక్కడి అగార్‌కూ సరిపోయినవి. ఇంకో చోట ముందుగా మార్చి చూడాల్సింది అగార్ ఒక్కటే. రెండు గ్రాములతో మొదలుపెట్టి పావు గ్రాము చొప్పున పెంచుకుంటూ పోతే, వంచినప్పుడు జారడం ఆగే చోటు దొరుకుతుంది. పాలకు బదులు కొబ్బరిపాలు వాడాలనుకుంటే నిల్వ మూడు రోజులని అనుకోకూడదు, కొబ్బరిపాలు త్వరగా పులుస్తాయి. అది ఏ రోజుకా రోజే.

కొత్త కాంపొనెంట్ ఏది చేర్చాలన్నా ఇప్పుడు ఈ కిచెన్‌లో రెసిపీ కన్నా ముందు అడిగే ప్రశ్నలు మూడు. అది ఎన్ని రోజులు నిలుస్తుంది? ఎక్కడ, ఎంత చల్లగా ఉండాలి? ఆఖరి నిమిషంలో దానికి ఎన్ని చేతులు కావాలి? విప్ క్రీమ్, కారమెల్ రేకు మూడో ప్రశ్న దాకా రాలేదు. ఐస్‌క్రీమ్ రెండో ప్రశ్న దగ్గర ఆగింది: దాన్ని దాచే ఫ్రీజర్‌లోనే చికెన్ ఉంది.

ఒక పరిమితి మాత్రం తీరలేదు. పైన ఫంక్షన్ హాలులో 150 మందికి ఇదే డెజర్ట్ పెట్టమని రెండు పెళ్లిళ్లవాళ్లు అడిగారు. చిన్న ఫ్రిజ్‌లో పట్టేవి 24 బౌల్స్. ట్రేలో పోసి ముక్కలు కోసి పెట్టాలంటే అగార్ లీటరుకు ఆరేడు గ్రాములకు పోవాలి. అప్పుడది పెళుసుగా, నీరు ఊరేలా తయారవుతుంది, పేరు మాత్రమే పన్నా కోటా. ఆ రెండు ఫంక్షన్లకూ వేడి గులాబ్ జామే వెళ్లింది, పైన కాస్త జీడిపప్పు క్రంబుల్ చల్లి.